కల్వర్టు ఎవరిది? సర్పంచిదా, మండలానిదా, జిల్లా పరిషత్తుదా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌కు రెండు గంటల దూరంలో ఉన్న చిన్న పల్లె. నేను కూకట్‌పల్లిలో ఉంటున్నాను, అమ్మానాన్నలు ఊళ్లోనే ఉన్నారు. మా ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్లే దారిలో కల్వర్టు వానలకు సగం కొట్టుకుపోయి బస్సు ఆగిపోయింది. సర్పంచి "నా పరిధిలోది కాదు" అన్నారు. మండల కార్యాలయంలో "జిల్లా పరిషత్తుకు వెళ్లండి" అన్నారు. అక్కడికి వెళితే "ముందు గ్రామ పంచాయతీ తీర్మానం తెండి" అన్నారు. ఎంపీపీ, జడ్పీ ఛైర్మన్ పదవులు ప్రస్తుతం ఖాళీగా ఉన్నాయి, ప్రత్యేకాధికారులు చూస్తున్నారు. అసలు వీళ్లలో ఎవరికి ఎవరు పై అధికారి? పైవాళ్లు కిందివాళ్లను ఆదేశించలేరా? ఊళ్లో బడి ప్రహరీ కూలిపోతే దానికీ ఇలాగే తిప్పుతున్నారు. — ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: ఎవరికీ ఎవరూ పై అధికారి కారు. మూడు చోట్లా మీకు చెప్పిన మాటలు వేటికవే నిజం కూడా. అందుకే ఈ తిరుగుడు ఇంత విసుగు పుట్టిస్తుంది. ఎవరో ఒకరు అబద్ధం చెప్పి ఉంటే పట్టుకోవడం తేలికయ్యేది.

మనకు ప్రభుత్వ కార్యాలయం అంటే రెవెన్యూ వరస గుర్తొస్తుంది. తహసీల్దారు పైన ఆర్డీవో, ఆర్డీవో పైన కలెక్టరు. కింది ఉత్తర్వు నచ్చకపోతే పైకి అప్పీలు చేసుకుంటాం. పంచాయతీరాజ్‌ను కూడా అలాగే ఊహించుకుంటాం. కానీ గ్రామ పంచాయతీ, మండల ప్రజా పరిషత్తు, జిల్లా ప్రజా పరిషత్తు మూడూ విడివిడిగా ఎన్నికైన సంస్థలు. దేని పనులు దానివి, దేని నిధి దానిది, దేని తీర్మానం దానిది. జడ్పీ ఛైర్మన్ మీ సర్పంచికి సంజాయిషీ నోటీసు ఇవ్వలేరు. ఎంపీపీ మీ గ్రామ పంచాయతీ తీర్మానాన్ని కొట్టివేయలేరు. సర్పంచిని సస్పెండ్ చేసే అధికారం 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కలెక్టరుకు ఇచ్చింది. అంటే ఆ అధికారం ఉన్నది పై అంచెలో గెలిచిన ప్రజాప్రతినిధి దగ్గర కాదు, ప్రభుత్వ అధికారి దగ్గర. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. మీ నాన్నగారినో, ఊళ్లో ఇంకా పెద్దవాళ్లనో అడగండి, "సమితి ప్రెసిడెంటు" అన్న మాట వాళ్ల నోట వస్తుంది. బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో చేసిన సిఫారసుల మీద 1959లో రాజస్థాన్‌లోని నాగౌర్‌లోనూ, ఆ వెంటనే మన షాద్‌నగర్‌లోనూ మూడంచెల వ్యవస్థ మొదలైంది. అప్పుడు మధ్య అంచె పంచాయతీ సమితి. ఇతర రాష్ట్రాల్లో బ్లాకు అని పిలిచేది అదే. ఆ బ్లాకులోని సర్పంచులందరూ సమితిలో సభ్యులు, సమితి అధ్యక్షులు జిల్లా పరిషత్తులో సభ్యులు. కింది అంచె నాయకుడు పై అంచెలో ఓటున్న సభ్యుడిగా కూర్చునేవాడు. ఊరి కల్వర్టు కూలితే ఆ సర్పంచి సమితి సమావేశంలో లేచి అడిగేవాడు. అతని ఓటు అధ్యక్షుడికి అవసరం కాబట్టి కనీసం వినేవారు.

తర్వాత ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1980ల నడుమ సమితులను రద్దు చేసి మండలాలు తెచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో మూడు వందల పైచిలుకు సమితుల స్థానంలో పదకొండు వందలకు పైగా మండలాలు వచ్చాయి. కార్యాలయం జనానికి దగ్గరైంది, ఆ మేలు కాదనలేం. ఆపైన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమలైంది. దానికి తగినట్టు వచ్చిన 1994 చట్టం ఎంపీటీసీ, జడ్పీటీసీ స్థానాలను ఏర్పాటు చేసింది. ఎంపీటీసీలను జనం నేరుగా ఎన్నుకుంటారు, వాళ్లు తమలో ఒకరిని ఎంపీపీగా ఎన్నుకుంటారు. మండలానికొక జడ్పీటీసీని జనం ఎన్నుకుంటారు, వాళ్లు జడ్పీ ఛైర్మన్‌ను ఎన్నుకుంటారు. ఇందులో సర్పంచి ఎక్కడ? మండల పరిషత్తు సమావేశానికి శాశ్వత ఆహ్వానితుడు. రావచ్చు, మాట్లాడవచ్చు, ఓటు మాత్రం లేదు. ఎంపీపీ కూడా జిల్లా పరిషత్తులో అలాంటి ఆహ్వానితుడే. కింది అంచె అధ్యక్షులకు పై అంచెలో సభ్యత్వం ఇవ్వవచ్చునని రాజ్యాంగంలోని 243సి అధికరణం రాష్ట్రాలకు వీలు కల్పించింది. మనవాళ్లు ఆ వీలును వాడుకోలేదు. నా దృష్టిలో మీ కల్వర్టు కష్టానికి మూలం ఇక్కడే ఉంది. పైగా సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తు లేకుండా జరుగుతుంది, ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. ఒకే ఊరి ఓటర్లు గెలిపించిన సర్పంచికీ ఎంపీటీసీకీ మాటలు లేని ఊళ్లు చాలా ఉన్నాయి.

ప్రతినిధులు ఇలా విడివిడిగా ఉంటే మూడంచెలనూ కలిపి ఉంచేది అధికారుల వరస. మీ ఊరి పంచాయతీ కార్యదర్శి పనిని మండల పంచాయతీ అధికారి, ఆ పైన డివిజనల్ పంచాయతీ అధికారి, జిల్లా పంచాయతీ అధికారి చూస్తారు. మండల పరిషత్తుకు ఎంపీడీవో, జిల్లా పరిషత్తుకు సీఈవో. వీటన్నిటి మీదా కలెక్టరు చూపు ఉంటుంది. జిల్లా పరిషత్తు ఏడు స్థాయీ సంఘాల్లోనూ కలెక్టరు సభ్యుడు. ఇక మీకు అసలు కావలసిన మనిషి వీళ్లెవరూ కాదు, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు. మండలంలో ఏఈ, సబ్‌డివిజన్‌లో డీఈ, ఆ పైన ఈఈ అనే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ఉంటారు. మూడు అంచెల సిమెంటు పనులకూ అంచనా వేసేది, కొలత తీసేది ఈ విభాగమే. అది జవాబు చెప్పుకునేది మాత్రం హైదరాబాద్‌లో కూర్చున్న తన చీఫ్ ఇంజినీరుకు.

ఇప్పుడు కల్వర్టు దగ్గరికి వద్దాం. ఎవరిని అడగాలన్నది ఆ రోడ్డు ఏ రిజిస్టరులో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఊరి లోపలి వీధులు, మురుగు కాలువలు గ్రామ పంచాయతీవి. ఊరినీ ఊరినీ, ఊరినీ మండల కేంద్రాన్నీ కలిపే చాలా రోడ్లు పంచాయతీరాజ్ రోడ్లు. పాత కాగితాల్లో జిల్లా పరిషత్తు రోడ్డు అనో, మండల పరిషత్తు రోడ్డు అనో ఉన్నా చూసేది పైన చెప్పిన ఇంజినీర్లే. పెద్ద రోడ్లు రోడ్లు భవనాల శాఖవి. ఆ శాఖకూ మూడంచెలకూ సంబంధం లేదు. మీ దారి ఆ శాఖదైతే ఏ పరిషత్తు చుట్టూ తిరిగినా ప్రయోజనం ఉండదు.

ఎలా తెలుస్తుందంటారా? ఈసారి ఊరికి వెళ్లినప్పుడు రోడ్డు మొదట్లో బోర్డు ఉందేమో చూడండి. కిలోమీటరు రాయికి నారింజ రంగు పూసి ఉంటే అది ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డు. అలాంటి రోడ్డును వేసిన గుత్తేదారే అయిదేళ్లు నిర్వహించాలి, ఆ షరతు ఒప్పందంలోనే ఉంటుంది. పని పూర్తయిన తేదీ బోర్డు మీద ఉంటుంది. అయిదేళ్లు దాటకపోతే మీ వినతిపత్రంలో ముందు రాయవలసింది ఆ తేదీనే. అంత పెద్ద వాన పడితే మేమేం చేస్తామని గుత్తేదారు వాదించవచ్చు. అయినా ఆ వాదన ఈఈ ముందు కాగితం మీద జరగాలి, మీ నాన్నగారి ముందు నోటిమాటగా కాదు. బోర్డు లేదు, రాయి లేదు అంటే మండలంలో ఏఈని అడిగితే రోడ్ల రిజిస్టరు చూసి చెప్పగలరు.

ఆ రోడ్డు పంచాయతీరాజ్‌ది అనుకుందాం. అప్పుడు మీ సర్పంచి చెప్పిన "నా పరిధిలోది కాదు" అన్న మాట చట్టం ప్రకారం సరైనదే. డబ్బు ప్రకారం కూడా సరైనదే. అది ఎలాగో ఒక లెక్కతో చెబుతాను. మీ పంచాయతీకి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఏడాదికి 8 లక్షల రూపాయలు వస్తాయనుకోండి. ఈ అంకె నేను ఊరికే తీసుకున్నది. కానీ 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పెట్టిన నిష్పత్తి నిజమైనది. అందులో 60 శాతం కట్టుబడి నిధులు, అంటే 4 లక్షల 80 వేలు తాగునీటికీ, పారిశుద్ధ్యానికీ తప్ప వాడకూడదు. మిగిలిన 3 లక్షల 20 వేలలో వీధి దీపాల కరెంటు బిల్లు, ట్రాక్టరు డీజిలు, వీధుల మరమ్మతులు. కల్వర్టుకు 18 లక్షల అంచనా వచ్చిందనుకుంటే సర్పంచి అయిదేళ్ల పాటు దీపాలు ఆర్పేసినా ఆ మొత్తం కూడదు. ఇంటి పన్ను వసూలు బాగున్న పంచాయతీ అయితే కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. నగరం అంచున వెంచర్లు వెలిసిన ఊళ్లకూ మీలాంటి ఊళ్లకూ ఉన్న తేడా అదే.

పై అంచెల దగ్గర మాత్రం ఏముందంటే, మీరు అనుకున్నంత ఉండదు. 15వ ఆర్థిక సంఘం గ్రామ పంచాయతీలకు 70 నుంచి 85 శాతం, మధ్య అంచెకు 10 నుంచి 25 శాతం, జిల్లాకు 5 నుంచి 15 శాతం పంచమంది. అంతకుముందు 14వ ఆర్థిక సంఘమైతే మండలానికీ జిల్లాకూ పైసా ఇవ్వకుండా అంతా పంచాయతీలకే ఇచ్చింది. పన్ను వేసుకునే అవకాశం మండల పరిషత్తుకు దాదాపు లేదు. రిజిస్ట్రేషన్ల మీద వచ్చే సర్‌ఛార్జిలో వాటా, ఖనిజాల తవ్వకం మీద వసూలయ్యే సీనరేజి రుసుము, రాష్ట్ర గ్రాంట్లు, ఆర్థిక సంఘం సొమ్ము, వీటితోనే నడుస్తుంది. ఆ కొద్ది నిధినీ సభ్యులు స్థానానికింత అని పంచుకోవడం చాలా చోట్ల ఆనవాయితీ. పంచుకున్నాక ఒక్కొక్కరి చేతిలో ఒక చిన్న సిమెంటు రోడ్డు ముక్కకు సరిపడా మిగులుతుంది. ఆ నిధుల్లోంచి కల్వర్టులు లేవవు. మీ కల్వర్టు కట్టాలంటే డబ్బు రాష్ట్ర శాఖ నుంచో, వరద నష్టాల పద్దు నుంచో, ఏదైనా పథకం నుంచో రావాలి. జిల్లా పరిషత్తు చేయగలిగింది ఆ అంచనాను తన జాబితాలో పెట్టి పైకి పంపడం, వెంటపడడం.

మరి తీర్మానం ఎందుకు అడిగారు? అది మిమ్మల్ని వదిలించుకోవడానికి వాడే మాట కూడా అయి ఉండవచ్చు, నేను కాదనను. అయినా దానికి విలువ ఉంది. మీ ఒక్కరి అర్జీ వ్యక్తి అర్జీ. గ్రామసభలో చర్చించి పంచాయతీ తీర్మానం చేసి పంపితే అది ఒక రాజ్యాంగ సంస్థ రాసిన లేఖ, ఫైలులో దానికి నంబరు పడుతుంది. 2018 చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకు ఒకసారైనా జరగాలి. వచ్చే గ్రామసభ తేదీ కార్యదర్శిని అడిగి తెలుసుకోండి. మీ నాన్నగారు, బస్సు ఆగి ఇబ్బంది పడుతున్న మరికొందరు వెళ్లి కల్వర్టు అంశాన్ని మినిట్స్ పుస్తకంలో రాయించాలి. తీర్మానంలో "కల్వర్టు బాగుచేయగలరు" అని రాస్తే చాలదు. రోడ్డు పేరు, ఎన్నో కిలోమీటరు దగ్గర, ఏ రోజు వానకు తెగింది, బస్సు ఎప్పటి నుంచి రావడం లేదు, ఏఈ వచ్చి అంచనా వేయాలని కోరుతున్నాం అని ఉండాలి. సర్పంచికి కూడా ఇది నచ్చుతుంది. ఆయన జేబులోంచి రూపాయి పోదు, ఊరి కోసం రాసినట్టూ ఉంటుంది.

ఆ తీర్మానం నకలు ఏఈకి, ఎంపీడీవోకు, జిల్లా పరిషత్తు సీఈవోకు వెళ్లాలి. ఆ తర్వాత నడిచే దారి ఇది. ఏఈ వచ్చి కొలిచి అంచనా తయారుచేస్తారు. డబ్బు ఏ పద్దు నుంచి ఇవ్వాలో తేల్చి ఇచ్చేది పరిపాలనా అనుమతి. డిజైను, ధరలు సరిగా ఉన్నాయని ఇంజినీర్లు ఇచ్చేది సాంకేతిక అనుమతి. తర్వాత టెండరు, ఒప్పందం, పని. పని జరిగేటప్పుడు ఏఈ కొలతలు ఎం బుక్కులో రాస్తారు, దాన్ని బట్టి బిల్లు. ఇన్ని మెట్లలో ఎక్కువ ఫైళ్లు ఆగేది పరిపాలనా అనుమతి దగ్గర. అంటే పని ఎవరూ కాదనరు, ఏ పద్దులో వేయాలో చెప్పరు. "అంచనా పంపాం సార్" అని ఎవరైనా అంటే, "పరిపాలనా అనుమతి వచ్చిందా, ఏ పద్దు కింద?" అని అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఫైలు నిజంగా కదిలిందో లేదో తెలిసిపోతుంది.

మామూలు రోజుల్లో అయితే ఇక్కడ మండల పరిషత్తు సర్వసభ్య సమావేశం పనికొచ్చేది. మండల అంచెను చాలామంది తీసిపారేస్తారు, తపాలా పెట్టె అంటారు. డబ్బు విషయంలో ఆ మాట నిజమే. కానీ వ్యవసాయం, విద్యుత్తు, తాగునీరు, వైద్యం, ఇంజినీరింగ్ శాఖల అధికారులు ఒకే హాలులో కూర్చుని సభ్యుల ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన చోటు అదొక్కటే. సర్పంచికి ఓటు లేకపోయినా ఏఈని నిలబెట్టి "మా అంచనా ఏమైంది?" అని అడగవచ్చు. ఆయన చెప్పిన జవాబు మినిట్స్‌లోకి ఎక్కుతుంది. విలేకరులు కూడా అక్కడే ఉంటారు, మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. పాలకవర్గాల గడువు ముగిసి ఎన్నికలు జరగకపోతే ప్రత్యేకాధికారి సంతకాలు పెడతారు, జీతాలు ఆగవు, కార్యాలయం తెరిచే ఉంటుంది. ఆగిపోయేది ఈ ప్రశ్న అడిగే వేదిక. మరొకటి కూడా ఆగుతుంది. ఎన్నికైన పాలకవర్గం లేని సంస్థకు ఆర్థిక సంఘం నిధులు విడుదల కావు. మీ జిల్లా పరిషత్తులో "డబ్బు లేదు" అన్నారంటే అది ఊరికే అన్న మాట కాకపోవచ్చు.

వేదిక లేనప్పుడు మిగిలేది కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణి. తీర్మానం నకలు జతచేసి అక్కడ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కలెక్టరు నుంచి ఈఈకి వెళ్లే అర్జీకి జవాబు రాయక తప్పదు. మీరు నగరంలోనే ఉన్నారు కాబట్టి ప్రజాభవన్‌లో ఇస్తే త్వరగా అవుతుందని ఎవరైనా సలహా ఇస్తారు. ఇవ్వండి, నష్టం లేదు. కానీ ఆ కాగితం కూడా జిల్లాకు వచ్చి, ఈఈ మీదుగా అదే ఏఈ బల్ల మీదికి చేరుతుంది. అప్పటికి అంచనా తయారై ఉంటే పని ముందుకు సాగుతుంది, లేకపోతే "అంచనా తయారుచేయవలసి ఉంది" అన్న జవాబుతో వెనక్కి వస్తుంది. అందుకే ఊరి నుంచి మొదలుపెట్టమంటున్నాను.

రెండు నెలలు గడిచినా చలనం లేకపోతే ఈఈ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అంచనా నకలు, ఏ తేదీన ఎవరికి పంపారు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అని మూడే అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈ దరఖాస్తు రుసుములోనూ మూడంచెలు ఉన్నాయి: గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆ పైన పది రూపాయలు. ఇక పంచాయతీ తన సొమ్ము దేనికి ఖర్చు చేసిందో చూడాలనుకుంటే ఏ దరఖాస్తూ అక్కరలేదు. egramswaraj.gov.in లో మీ ఊరి పంచాయతీ ప్రణాళిక, ఆర్థిక సంఘం నిధుల చెల్లింపులు కూకట్‌పల్లి నుంచే చూడవచ్చు. మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు ప్రణాళికలు కూడా అందులోనే విడిగా ఉంటాయి. మీ కల్వర్టు ఏ ప్రణాళికలోనూ లేకపోతే తర్వాతి గ్రామసభలో అదొక ప్రశ్న అవుతుంది.

బడి ప్రహరీ సంగతి తేలిక. బడి బోర్డు చదవండి. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అని ఉంటే భవనం మండల పరిషత్తుది, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని ఉంటే జిల్లా పరిషత్తుది. ఉపాధ్యాయుల జీతాలు, బదిలీలు రాష్ట్ర విద్యాశాఖ చూస్తుంది కాబట్టి బోర్డు మీది పేరు చాలావరకు పేరుకే మిగిలింది. అయినా గోడ విషయంలో ఆ పేరు పనికొస్తుంది. ప్రాథమిక పాఠశాల అయితే ప్రధానోపాధ్యాయుడి లేఖ ఎంపీడీవోకు, మండల విద్యాధికారికి వెళ్లాలి. ప్రహరీ అంచనా కల్వర్టులో సగం కూడా ఉండదు కాబట్టి మండల పరిషత్తు సాధారణ నిధి నుంచే ఇవ్వగలిగే పని అది. ప్రత్యేకాధికారి సంతకంతో కూడా మంజూరవుతుంది, ఎన్నికల కోసం ఆగనక్కరలేదు. కల్వర్టు తీర్మానంతో కలిపి ఒకే కాగితంలో మాత్రం రాయించకండి. రెండు పనులు ఒకే అర్జీలో ఉంటే అది రెండు సెక్షన్ల మధ్య తిరుగుతుంది, ఎవరికి వారు అది రెండోవారిదని పక్కకు నెడతారు.